సంపాదకీయం చదివే ముందు జాగ్రత్తలు

☐ శీర్షిక చూసి రచయిత ఏ పక్షమో ముందే తేల్చేసుకోకండి. చాలాసార్లు అది ఊరించడానికే.

☐ మొదటి పేరాలోని మెచ్చుకోలును అభిప్రాయంగా రాసుకోవద్దు. అవతలివాళ్ల వాదనలో కొంత ఒప్పుకుని, తర్వాత తన మాట చెప్పడం సంపాదకీయాల అలవాటు. “అయితే”, “కానీ” ఎక్కడొస్తాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. అసలు వాదన సాధారణంగా వాటి తర్వాతే మొదలవుతుంది.

☐ వ్యంగ్యాన్ని అనుమానించండి. ఉదాహరణకు: “మరో కమిటీ వేయడం హర్షణీయమే. పాత కమిటీల నివేదికలు ఏ బీరువాలో ఉన్నాయో కూడా చెబితే జనం ఇంకా సంతోషిస్తారు.” పైకి పొగడ్తే. కానీ రెండో వాక్యం దానికి కారణం చూపకపోగా, గాలి తీసేసింది. అభిప్రాయం: కొత్త కమిటీ కాలయాపన. వాదన: పాత నివేదికలనే పట్టించుకోలేదు. స్వరం: ఎత్తిపొడుపు. ఈ మూడూ విడివిడిగా రాసుకోండి. పరీక్షల్లో జనం తడబడేది ఇక్కడే.

☐ అలాగని ప్రతి మెచ్చుకోలూ వెటకారం కాదు. తర్వాతి వాక్యాలు దానికి ఆధారం చూపిస్తే, నిజంగానే మెచ్చుకున్నట్టు.

☐ మీ సొంత అభిప్రాయాన్ని కాసేపు పక్కన పెట్టండి (కష్టమే). “రచయిత ఇలా అంటున్నాడు” అని రాసిన ప్రతిదానికీ వ్యాసంలో ఒక వాక్యం చూపించగలగాలి. చూపించలేకపోతే కొట్టేయండి.