టికెట్‌లో ఒక పేరు, పాస్‌పోర్ట్‌లో ఇంకో పేరు: ప్రయాణానికి ముందే సరిచేసుకోవడం

బుధవారం రాత్రి తొమ్మిదింటికి ఒక అబ్బాయి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, అమ్మ టికెట్‌లో పేరు కొంచెం తేడా ఉంది, నడుస్తదా?" అని. వాళ్ళమ్మ శనివారం తెల్లవారుజామున శంషాబాద్ నుంచి బయల్దేరి గల్ఫ్‌లో విమానం మారి డల్లాస్‌లో కూతురి దగ్గరికి వెళ్ళాలి. టికెట్ తీసి రెండు వారాలు అయింది. నేను కూకట్‌పల్లిలో టికెట్ల పని చేస్తాను కాబట్టి ఈ "కొంచెం తేడా" నాకు కొత్త కాదు. ఫొటోలు పంపమన్నాను. టికెట్ మీద ఇలా ఉంది (పేరు మార్చి రాస్తున్నాను):

```
LAXMI/K MRS
```

పాస్‌పోర్ట్ ఫొటో ఉన్న పేజీలో అడుగున రెండు వరుసల్లో అక్షరాలు, బాణం గుర్తులు ఉంటాయి చూడండి, అందులో పై వరుస:

```
P<INDKANDUKURI<<VENKATA<LAKSHMI<<<<<<<<<<<<<
```

పేరు సరిచూసుకోవాలంటే ఆ వరుసే చూడాలి. కౌంటర్‌లో మెషీన్ చదివేది దాన్నే. `IND` తర్వాత వచ్చేది సర్‌నేమ్. రెండు బాణాల తర్వాత వచ్చేది గివెన్ నేమ్. ఒక్క బాణం అంటే మాటల మధ్య ఖాళీ అన్నమాట. టికెట్‌లో గీతకు ముందుండేది సర్‌నేమ్, తర్వాతది గివెన్ నేమ్. ఈ రెండూ పక్కపక్కన పెడితే ఆవిడ టికెట్‌లో తప్పు ఒకటి కాదు, నాలుగు. ఇంటిపేరు పొడి అక్షరమైంది. ఆ అక్షరం కూడా గివెన్ నేమ్ గడిలోకి పోయింది. VENKATA అసలే లేదు. LAKSHMI కాస్తా LAXMI అయింది.

ఎక్కడ తప్పు జరుగుతుంది

మన దగ్గర ఈ తప్పు పుట్టే చోటు దాదాపు ఎప్పుడూ ఒకటే. కొడుకు బుక్ చేసిన యాప్‌లో ఎప్పుడో తిరుపతికి రైలు టికెట్ తీసినప్పుడు "K Laxmi" అని సేవ్ చేసిన పేరు ఉంది. ఫ్లైట్ బుక్ చేస్తుంటే యాప్ అదే చూపించింది, అతను టిక్ పెట్టేశాడు. ఆధార్‌లో, బ్యాంక్ పాస్‌బుక్‌లో మన పేర్లు ఇంటిపేరు పొడి అక్షరంతోనే ఉంటాయి. పాస్‌పోర్ట్ దగ్గరికి వచ్చేసరికి ఇంటిపేరు పూర్తిగా విప్పి సర్‌నేమ్ గడిలో రాస్తాం. రైల్లో ఈ తేడా ఎవరూ పట్టించుకోరు. అంతర్జాతీయ ప్రయాణంలో మాత్రం ఎయిర్‌లైన్ ఆ పేరును ముందుగానే అవతలి దేశానికి పంపాలి. అమెరికా వెళ్ళే వాళ్ళ పూర్తి పేరు, పుట్టిన తేదీ, జెండర్ సెక్యూర్ ఫ్లైట్ అనే తనిఖీకి వెళ్తాయి. అందుకే మస్కట్ వెళ్ళేవాళ్ళకి చూసీచూడనట్టు పోయే తేడా డల్లాస్ వెళ్ళేవాళ్ళకి పోకపోవచ్చు.

స్పెల్లింగ్ తేడాలకి కారణం వేరు. లక్ష్మి, శ్రీనివాస్, స్వాతి లాంటి పేర్లను ఇంగ్లీషులో మనం రెండు మూడు రకాలుగా రాస్తాం. బుక్ చేసేవాళ్ళు తమకు అలవాటైన రకంగా కొట్టేస్తారు. పాస్‌పోర్ట్ చూసి కొట్టరు.

వెబ్‌సైట్‌లో బుకింగ్ దొరకడం లేదంటే

చాలామంది మొదట గుర్తుపట్టే లక్షణం ఇదే. ఎయిర్‌లైన్ సైట్‌లో పీఎన్ఆర్, సర్‌నేమ్ కొడితే బుకింగ్ లేదంటుంది. "నకిలీ టికెట్ ఇచ్చారేమో" అని టెన్షన్ పడతారు. ముందు సర్‌నేమ్ గడిలో సొంత పేరు కొట్టి చూడండి, తర్వాత పొడి అక్షరం కొట్టండి. ఈ కేసులో KANDUKURI కి తెరుచుకోలేదు, LAXMI కి వెంటనే తెరుచుకుంది. అంటే పేరు తారుమారైందని అక్కడే తేలిపోయింది. ఈ పరీక్ష గుర్తుంచుకోండి, పని అయిందో లేదో చూడటానికి చివర్లో మళ్ళీ ఇదే చేయాలి.

తప్పు కానివి

టికెట్‌లో `VENKATALAKSHMIMRS` అని అన్నీ కలిసిపోయి కనిపిస్తే కంగారు పడొద్దు. రిజర్వేషన్ సిస్టమ్ గివెన్ నేమ్‌లోని మాటల మధ్య ఖాళీ తీసేసి, చివర మిస్టర్, మిసెస్ అంటించేస్తుంది, అంతే. బోర్డింగ్ పాస్ మీద చోటు చాలక పొడుగు పేరు మధ్యలో తెగిపోవడం కూడా మామూలే. వీటి కోసం కస్టమర్ కేర్ లైన్లో గంటసేపు పాట వినక్కర్లేదు.

సరిచేయించడం

ముందు ఒక మాట: టికెట్‌ను పాస్‌పోర్ట్‌కి తగ్గట్టు మార్చాలి, పాస్‌పోర్ట్‌ను టికెట్‌కి కాదు. పాస్‌పోర్ట్‌లోనే స్పెల్లింగ్ తప్పు పడి ఉన్నా సరే, ఈ ప్రయాణానికి ఆ తప్పు స్పెల్లింగే మీ పేరు. వీసా కూడా దాని మీదే ఉంటుంది. పాస్‌పోర్ట్ సవరణ తిరిగొచ్చాక తీరిగ్గా చూసుకోవచ్చు.

టికెట్ తీసిన రోజే తప్పు కనిపిస్తే పని సులువు. ఎయిర్‌లైన్ సైట్‌లో నేరుగా కొన్న టికెట్‌లో, బుక్ చేసిన 24 గంటల్లోపు చెబితే అదే మనిషి పేరులో తప్పు దిద్దినందుకు అదనపు చార్జీ వేయకూడదని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ఉంది. ఆ గడువు దాటాక ఎవరి రూలు వాళ్ళది. చాలా ఎయిర్‌లైన్లు మూడు అక్షరాల లోపు తేడాను చిన్న తప్పుగా చూస్తాయి. LAXMI ఒక్కటే అయితే ఆ లెక్కలో పడేది. ఇక్కడ తేడా దానికి చాలా దూరం.

తర్వాత చూడాల్సింది టికెట్ ఎవరి చేతిలో ఉందన్నది. ఈ టికెట్ ఒక బుకింగ్ పోర్టల్‌లో తీసింది. గురువారం పొద్దున అబ్బాయి పోర్టల్‌కి ఫోన్ చేస్తే, పేరు మార్చడం కుదరదు, క్యాన్సిల్ చేసి మళ్ళీ తీసుకోండి అన్నారు. రెండు రోజుల ముందు డల్లాస్ టికెట్ రేటు ఎంతుంటుందో మీకు తెలుసు. ఎయిర్‌లైన్‌కి చేస్తే, ఏజెంట్ తీసిన టికెట్ కాబట్టి ఏజెంటే చేయాలి అన్నారు. ఇక్కడే చాలామంది విసిగిపోయి క్యాన్సిల్ నొక్కేస్తారు. నొక్కకండి.

అబ్బాయి ఏం అడిగాడో కనుక్కున్నాను. "నేమ్ చేంజ్ చేయాలి" అన్నాడట. ఈ రంగంలో నేమ్ చేంజ్ అంటే ఒకరి టికెట్ మీద ఇంకొకరు వెళ్ళడం, దాన్ని దాదాపు ఎవరూ ఒప్పుకోరు. అడగాల్సింది "నేమ్ కరెక్షన్, సేమ్ ప్యాసింజర్" అని. ఆ మాట మారితే అవతలివాళ్ళు తెరిచే రూల్ బుక్కే మారుతుంది.

రెండో విషయం వరుస. ముందు ఎయిర్‌లైన్ దగ్గర అనుమతి తీసుకోవాలి, తర్వాత పోర్టల్ చేత టికెట్ రీఇష్యూ, అంటే సరైన పేరుతో మళ్ళీ జారీ, చేయించాలి. ఏ ఎయిర్‌లైన్ అన్నది టికెట్ నంబర్ చెబుతుంది. అది 13 అంకెలు ఉంటుంది, మొదటి మూడు అంకెలు టికెట్ ఏ ఎయిర్‌లైన్ పేరున జారీ అయిందో చెప్పే కోడ్. ఎయిర్ ఇండియాది 098. రెండు ఎయిర్‌లైన్ల విమానాలు కలిసిన టికెట్ అయితే ఆ కోడ్ ఉన్నవాళ్ళనే పట్టుకోవాలి. అలాంటి టికెట్లలో దిద్దుబాటు కష్టం, ఒక్కోసారి నిజంగానే మళ్ళీ తీయాల్సి వస్తుంది.

మధ్యాహ్నం ఇద్దరం కలిసి ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేశాం. పాస్‌పోర్ట్ మొదటి పేజీ స్కాన్ మెయిల్ చేయమన్నారు. పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నంబర్ బుకింగ్‌లో ఉన్నవాటితో సరిపోయాయి కాబట్టి మనిషి ఒకరే అని ఒప్పుకుని, కరెక్షన్‌కి అనుమతిస్తున్నట్టు పీఎన్ఆర్‌లో రిమార్క్ రాశారు. పెళ్ళికి ముందు ఇంటిపేరు, తర్వాత ఇంటిపేరు తేడా అయితే మ్యారేజ్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. మాట్లాడినవాళ్ళ పేరు, టైమ్ రాసుకుని, అదే పోర్టల్‌కి చెప్పాం: "ఎయిర్‌లైన్ రిమార్క్ ఉంది, పీఎన్ఆర్ తెరిచి చూడండి." ఈసారి కుదరదని అనలేదు. తమ సర్వీస్ చార్జీ మాత్రం తీసుకున్నారు.

సరిచేశామన్నారు, నిజంగా అయిందా?

గురువారం సాయంత్రమే పోర్టల్ నుంచి కొత్త పీడీఎఫ్ వచ్చింది. పేరు చక్కగా ఉంది. అబ్బాయి హమ్మయ్య అన్నాడు. నేను టికెట్ నంబర్ చూడమన్నాను. పాత నంబరే. ఎయిర్‌లైన్ సైట్‌లో KANDUKURI కొడితే ఇంకా తెరుచుకోలేదు, LAXMI కి తెరుచుకుంది. అంటే పోర్టల్ తన కాగితం మీద పేరు దిద్దింది, అసలు టికెట్ అలాగే ఉంది. పీడీఎఫ్ అనేది వాళ్ళు ప్రింట్ చేసే కాగితం. విమానం ఎక్కించేది ఎయిర్‌లైన్ సిస్టమ్‌లో ఉన్న టికెట్. ఒక్కోసారి పీఎన్ఆర్‌లో పేరు మారి, టికెట్‌లో మారకుండా ఉండిపోతుంది కూడా. అప్పుడు సైట్‌లో బాగానే కనిపించి కౌంటర్‌లో ఆగుతుంది. కాబట్టి సైట్‌లో పేరు, మెయిల్‌లో టికెట్ నంబర్, రెండూ చూడాలి. రీఇష్యూ అయితే మామూలుగా పీఎన్ఆర్ అదే ఉండి 13 అంకెల నంబర్ కొత్తది వస్తుంది.

మళ్ళీ ఫోన్ చేసి గట్టిగా అడిగితే శుక్రవారం పదకొండు గంటలకి కొత్త నంబర్ వచ్చింది. KANDUKURI తో బుకింగ్ తెరుచుకుంది. రిటర్న్ కూడా అదే టికెట్‌లో ఉంది కాబట్టి అది కూడా మారింది. రిటర్న్ విడిగా తీసి ఉంటే దానికి వేరే కథ నడపాల్సిందే.

సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే

పాత పాస్‌పోర్టుల్లో పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉండి సర్‌నేమ్ ఖాళీగా ఉండటం మన దగ్గర తరచూ చూస్తాం. అప్పుడు గడిలో ఏం రాయాలన్నది ఎయిర్‌లైన్‌ని బట్టి ఉంటుంది. కొందరు అదే పేరు రెండు గడుల్లోనూ రాయమంటారు, కొందరు ఒక గడిలో "ఫస్ట్ నేమ్ అన్‌నోన్" అనే అర్థంతో `FNU` రాయమంటారు. ఊహించి ఇంటిపేరు కలపొద్దు, వాళ్ళ సైట్‌లో ఉన్నట్టే చేయండి. దుబాయ్ వెళ్ళేవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. పాస్‌పోర్ట్‌లో ఒకే మాట పేరు ఉన్నవాళ్ళని విజిట్ వీసా మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబర్‌లో రూల్ తెచ్చింది. కాబట్టి అలాంటి పేరుంటే టికెట్ తీయకముందే వీసా వస్తుందో లేదో కనుక్కోవాలి.

ఎయిర్‌పోర్ట్‌లో బయటపడితే

చెక్-ఇన్ లైన్లో నిలబడి టైమ్ పోగొట్టుకోవద్దు, నేరుగా ఆ ఎయిర్‌లైన్ టికెటింగ్ కౌంటర్‌కి వెళ్ళండి. పేరు దిద్దగలిగేది అక్కడే. అంతర్జాతీయ చెక్-ఇన్ మామూలుగా బయల్దేరే టైమ్‌కి గంట ముందే మూసేస్తారు, అందుకే నాలుగు గంటల ముందు అక్కడ ఉంటే ఆ గొడవకి కాస్త చోటు ఉంటుంది. పోర్టల్ టికెట్ అయితే అర్ధరాత్రి వాళ్ళ అనుమతి కూడా కావాలంటారు. ఆ ఫోన్ ఎవరు ఎత్తుతారన్నది మీ అదృష్టం.

శుక్రవారం సాయంత్రం చివరిసారి బుకింగ్ తెరిచి చూస్తే ఆవిడ సీటు ఎగిరిపోయింది, వీల్‌చెయిర్ రిక్వెస్ట్ కూడా లేదు. టికెట్ మళ్ళీ జారీ చేసేటప్పుడు ఇవి రాలిపోతుంటాయి, ఎవరూ చెప్పరు. ఎయిర్‌లైన్‌కి ఇంకో ఫోన్ చేసి వీల్‌చెయిర్ పెట్టించాం, పాస్‌పోర్ట్ వివరాలు మళ్ళీ ఎక్కించాం. కిటికీ పక్క సీటు మాత్రం దొరకలేదు. మధ్య సీటులో డల్లాస్ దాకా కూర్చున్నందుకు ఆవిడ కొడుకుని ఇంకా తిడుతూనే ఉందట.