పీహెచ్‌డీ ప్రపోజల్ పంపే ముందు: లౌకికవాదం, మతపరమైన మైనారిటీలు

ప్రశ్నను ఇరుకు చేయండి. ‘భారత లౌకికవాదం, మైనారిటీలు’ అంటే అది విషయమే, ప్రశ్న కాదు; ఎక్కువ ప్రపోజల్స్ ఇక్కడే పోతాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకు ఎస్సీ హోదా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారు బీసీ-సి. ‘కుల ధ్రువపత్రం కోసం వెళ్లినప్పుడు వాళ్లు తమ మతాన్ని ఎలా చెప్పుకుంటున్నారు?’ ఇది ప్రశ్న.

జనగణన అంకెపైనే ఆధారపడొద్దు. చర్చికి వెళ్లేవారిలో కొందరు కాగితంపై హిందువులే.

అందుకే ఇంటర్వ్యూల్లో పేరు, ఊరు రాయబోమని ప్రపోజల్‌లోనే చెప్పండి. బయటపడితే వాళ్ల ఉద్యోగం, సీటు పోవచ్చు. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం.

‘మైనారిటీ’ని నిర్వచించండి. విద్యాసంస్థల హక్కుల విషయంలో సుప్రీంకోర్టు టీఎంఏ పాయ్ తీర్పు (2002) రాష్ట్రాన్ని కొలమానంగా తీసుకుంది. ఆ లెక్కన పంజాబ్‌లో సిక్కులు మెజారిటీ.