కొండకు వెళ్లేటప్పుడు చీర చెప్పుల్లేకుండా కట్టుకోండి

తిరుమల దర్శనానికి చీరలో వెళ్లేవాళ్లకు ఒక మాట. గదిలో చీర కట్టేటప్పుడు చెప్పులు విప్పేసి, నేల మీద నిలబడి కట్టుకోండి. చెప్పులేసుకుని కడితే బాగానే ఉంటుంది గానీ, క్యూలోకి ఉత్త కాళ్లతోనే వెళ్లాలి కదా, అంచు నేలను తాకేస్తుంది. మా అత్తయ్యకు ఇలాగే అయింది. వెనకవాళ్లు అంచు తొక్కితే లోపలికి వెళ్లేసరికి కుచ్చిళ్లు ఊడిపోయాయి. ఆ తోపులాటలో సర్దుకోవడం ఎంత కష్టమో!

అంచు చీలమండ పైకి ఉండాలి. కుచ్చిళ్లకు లోపలి వైపు నుంచి ఒక పిన్ను, భుజం దగ్గర ఇంకోటి చాలు. కంపార్ట్‌మెంట్‌లో గంటల తరబడి కూర్చోవాల్సి రావచ్చు, అందుకే కొత్త పట్టుచీర కన్నా రెండు మూడుసార్లు ఉతికిన నూలు చీరే నయం. గంజి మాత్రం పెట్టొద్దు, చెమటకు ఒంటికి అతుక్కుంటుంది.

మగవాళ్ల పంచెకూ ఇదే లెక్క. జరీ పంచె జారుతుంది, నడుముకు బెల్టు తప్పనిసరి. తలలో పూలు మాత్రం వద్దు. కొండ మీద పూలన్నీ స్వామికే.