షాపు సోలార్‌లో మాడిన ఐసోలేటర్

మా షాపు పైకప్పు మీద నాలుగు ప్యానెళ్లు సిరీస్‌లో ఉన్నాయి. ఒక్కోదానికి లోడ్ లేనప్పుడు 49 వోల్టులు, అంటే మొత్తం 196. మధ్యాహ్నం 10 ఆంపియర్ల దాకా వస్తుంది. ఒకరోజు ఇన్వర్టర్ దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. డబ్బా తెరిస్తే, ప్యానెళ్లని ఇన్వర్టర్ నుంచి విడదీసే స్విచ్, అంటే ఐసోలేటర్, దాని కాంటాక్ట్ నల్లగా మాడి, ఒక మూల కరిగి ఉంది.

దాని మీద 240 వోల్ట్ ఏసీ అని రాసి ఉంది. బిగించినవాళ్లు 196 కంటే 240 ఎక్కువే కదా అనుకున్నారేమో! కానీ ఏసీ కరెంట్ సెకనుకు వంద సార్లు సున్నాకి వస్తుంది, ఆ క్షణంలో నిప్పురవ్వ ఆరిపోతుంది. ప్యానెళ్ల నుంచి వచ్చేది డీసీ, దానికి ఆ విరామం లేదు. స్విచ్ ఆపినా ఆ నిప్పురవ్వ, అంటే ఆర్క్, సాగుతూనే ఉంటుంది.

ముందు ఇన్వర్టర్ ఆపాను. క్లాంప్ మీటర్లో కరెంట్ సున్నా అని చూశాకే ప్యానెల్ కనెక్టర్లు విప్పాను. కరెంట్ పారుతుండగా విప్పితే చేతి దగ్గరే ఆర్క్ వస్తుంది. విప్పాక కూడా ఎండలో ప్యానెల్ వైరు లైవే.

600 వోల్ట్ డీసీ రేటింగ్‌తో, ప్లస్ మైనస్ రెండూ తెంచే ఐసోలేటర్ పెట్టాను. ఇన్వర్టర్‌కి కలిపే ముందు మల్టీమీటర్‌తో పోలారిటీ చూస్తే 194, గుర్తు సరిగానే ఉంది.

పిడుగు వల్ల వచ్చే వోల్టేజ్‌ని భూమిలోకి మళ్లించే సర్జ్ ప్రొటెక్టర్ డీసీదే ఉంది, కానీ ఎర్త్ వైరు రెండు మీటర్లు చుట్ట చుట్టి వదిలేశారు. పిడుగు సర్జ్‌కి ఆ పొడవే అడ్డం; ఆ వోల్టేజ్ ఇన్వర్టర్ మీద పడుతుంది. ప్రొటెక్టర్‌ని ఇన్వర్టర్ దగ్గరికి జరిపి, వైర్లన్నీ కలిపి అర మీటరు లోపు ఉంచాను. ప్రొటెక్టర్ కిటికీ ఎర్రగా మారితే కార్ట్రిడ్జ్ పోయినట్టు.