గుంటూరు నుంచి అమెరికా వెళ్లేవాళ్లకి: ముందు ‘క్యాన్’ని మింగడం నేర్చుకోండి

సూట్‌కేసు ఎన్ని కిలోలుండాలి, ఆవకాయ సీసాకి ఎన్ని కవర్లు చుట్టాలి, కుక్కర్ అక్కడ కొనుక్కోవాలా ఇక్కణ్ణుంచి మోసుకెళ్లాలా, ఇవన్నీ మీకు చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు. నేను చెప్పను. నేను చెప్పేది ఒక్క అచ్చు గురించి. నవ్వకండి. ఆ అచ్చు వల్ల మా తమ్ముడికి మొన్న గది పోయింది, నాకు అప్పట్లో అద్దె మీద జరిమానా పడింది.

సెలవుకి వచ్చి అరండల్‌పేటలో మా పిన్ని వాళ్లింట్లో ఉన్నాను. వాడు వచ్చే నెల టెక్సస్ వెళ్తున్నాడు. రాత్రి ఎనిమిదిన్నరకి, అంటే అక్కడ పొద్దున పదికి, గది కోసం ఫోన్ చేశాడు. మాటలన్నీ బాగానే నడిచాయి. చివర్లో అవతలి మనిషి గది తీసుకుంటారా అని అడిగితే మావాడు చాలా స్పష్టంగా, ఒక్కో మాటా విడదీసి, ‘ఐ క్యాన్ టేక్ ది రూమ్’ అన్నాడు. అటువైపు నుంచి ‘ఓ, ఓకే, నో ప్రాబ్లమ్, థాంక్స్ ఫర్ లెటింగ్ మి నో’ అని వినపడింది, ఫోన్ పెట్టేశారు. మావాడు గది దొరికిందని లోపలికెళ్లి పిన్నితో చెప్పేశాడు కూడా. నాకు మాత్రం కడుపులో తిప్పింది, ఎందుకంటే ఆ ‘థాంక్స్’ ఏమిటో నాకు తెలుసు. మీరు రాలేనని చెప్పినందుకు థాంక్స్ అని దాని అర్థం.

నా సంగతి కూడా ఇదే. వెళ్లిన రెండో నెలలో జీతం రావడం ఆలస్యమై, మేముండే అపార్ట్‌మెంట్ ఆఫీసుకి ఫోన్ చేసి ‘ఐ క్యాన్ పే ఆన్ ఫ్రైడే’ అన్నాను. గురువారం సాయంత్రానికి తలుపుకి కాగితం అంటించారు, పైన లేట్ ఫీజు. శుక్రవారం కట్టలేనని నేనే చెప్పానట. కోపంతో ఊగిపోయాను, వీళ్లకి చెవుడా అనుకున్నాను. చెవుడు కాదు. నేను మరీ స్పష్టంగా పలికాను, అదే నా తప్పు.

ఎలాగో చూడండి. అమెరికా వాళ్లు ‘క్యాన్’ని వాక్యం మధ్యలో క్యాన్ అని పలకరు. ‘ఐ క్న్ టేక్ ద రూమ్’ అంటారు. ఆ క్, న్ మధ్యలో అచ్చు ఉందో లేదో అన్నట్టు ఉంటుంది. ‘క్యాంట్’ని మాత్రం నిండుగా, ఒత్తి, ‘క్యాన్’ వరకూ సాగదీసి పలుకుతారు. మరి చివర ‘ట్’ సంగతి? వాళ్లు ఆ ట్‌ని గొంతులోనే ఆపేస్తారు, బయటికి వదలరు. పైగా ‘క్యాంట్ టేక్’ అన్నప్పుడు వెనకే ఇంకో ట్ ఉంది కాబట్టి రెండూ కలిసిపోతాయి. అంటే అవునా కాదా అనేది వాళ్ల చెవికి ట్ వల్ల తెలియదు, అచ్చు నిండుగా ఉందా మింగేశారా అన్నదాన్ని బట్టి తెలుస్తుంది. మనం క్యాన్ అని నిండుగా పలికితే వాళ్లకి వినపడేది క్యాంటే. ఎంత శుద్ధంగా పలికితే అంత గట్టిగా కాదన్నట్టు!

ఆ మింగేసిన అచ్చుకి ష్వా అని పేరు. నిఘంటువులో తలకిందులైన e లాగా ə అని కనపడుతుంది. ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా వినపడే అచ్చు ఇదే, కానీ దానికంటూ ఒక అక్షరం లేదు. a కావచ్చు, e కావచ్చు, o కావచ్చు, నొక్కి పలికే ఒత్తు లేని చోట పడితే చాలావరకు అన్నీ ఇదే అయిపోతాయి. ‘బనానా’లో మూడు a లు ఉన్నాయి, నిండుగా పలికేది నడిమిదాన్ని ఒక్కదాన్నే. మొదటిదీ చివరిదీ ష్వాలు. నోరు పెద్దగా తెరవకుండా, నాలుక ఎటూ కదపకుండా, మన ‘అ’లో సగం పలికి వదిలేస్తే దాదాపు అదే.

ఎందుకలా మింగుతారు? బద్ధకం అని మా మాస్టారు ఒకాయన అనేవారు, అది తప్పు. వాళ్ల మాటలో ఒత్తున్న అక్షరానికి సమయం, గట్టిదనం, స్వరం ఎత్తు అన్నీ దోచిపెడతారు. మిగిలినవాటికి సమయం చాలదు. నాలుక ‘ఆ’ కోసం కిందికో ‘ఈ’ కోసం పైకో బయల్దేరుతుంది గానీ అక్కడికి చేరేలోపే తర్వాతి హల్లు వచ్చి పడుతుంది. దాంతో మధ్యలోనే ఆగిపోతుంది, ఆ మధ్యే ష్వా. 1963లో లిండ్‌బ్లోమ్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు స్వీడిష్ మీద దీన్ని కొలిచి చూపించాడు, అచ్చు నిడివి తగ్గేకొద్దీ అది చేరాల్సిన చోటికి దూరంగా ఉండిపోతుందని. అయితే ఇంగ్లీషులో ఇది తొందర వల్ల వచ్చే సంగతిగా మిగల్లేదు, మాటలోనే స్థిరపడిపోయింది. ‘అబౌట్’ని ఎంత నిదానంగా పలకమన్నా మొదట ష్వానే పలుకుతారు. కాబట్టి ‘నేను నిదానంగా మాట్లాడతాను, అప్పుడు అర్థమవుతుంది’ అనుకోకండి, నేనూ ఆరు నెలలు అదే అనుకున్నాను.

మనకెందుకు రాదంటే, మన భాషలో అచ్చు మింగితే కొంప మునుగుతుంది. ‘వస్తావు’కీ ‘వస్తావా’కీ తేడా చివరి అచ్చు ఒక్కటే, అది పోతే అడిగామో చెప్పామో తెలియదు. ‘పలక’ వేరు, ‘పాలక’ వేరు. వెళుతున్నానుని వెళ్తున్నా అని మనమూ కుదిస్తాం, కాదనను, కానీ అచ్చు ఉంటే ఉంటుంది లేకపోతే లేదు, అన్నీ కలిసి ఒకటే అచ్చుగా మారిపోవు. ఇంగ్లీషులోనూ ఒకప్పుడు మాట చివర ఇలాంటి అచ్చులుండేవి. వెయ్యేళ్ల కిందట ‘నేమ్’ అనే మాట ‘నామ’ లాగా రెండక్షరాల మాట. ఒత్తు ముందు అక్షరం మీదే పడటంతో చివరి అచ్చు మొదట ష్వా అయింది, తర్వాత అదీ పోయింది, రాతలో ఒక e మాత్రం మిగిలింది.

అయితే ఇది మనకి బొత్తిగా కొత్త అనుకోకండి. కాలేజీ, కలెక్టరు అని రెండు మాటలు చూడండి. ఇంగ్లీషులో రెండూ c, o, l తోనే మొదలవుతాయి. మరి ఒకటి కా, ఒకటి క ఎందుకయింది? కాలేజీకి ఒత్తు మొదటి అక్షరం మీద ఉంది, కాబట్టి నిండు అచ్చు. కలెక్టరుకి ఒత్తు ‘లె’ మీద ఉంది, కాబట్టి మొదటిది ష్వా. అలాగే కాంట్రాక్టు, కంట్రోలు. కాంపిటీషన్, కంపీట్. కమిటీ, కమిషనరు కూడా ఈ బాపతే, o ఉన్నా ఎవరూ కోమిటీ అనరు. ఈ మాటలు మనవాళ్ల నోటికి పుస్తకం నుంచి కాకుండా చెవి నుంచి వచ్చి ఉంటాయని నాకనిపిస్తుంది. చదువురాని మా తాత ‘కలెక్టరాఫీసు’ అని ఎంత చక్కగా అనేవాడో! స్పెల్లింగు చూసి నేర్చుకున్న మనమే చెడిపోయాం. పోలీసు చూడండి, o కనపడింది కదా అని ‘పో’ అని సాగదీస్తాం, వాళ్లు ‘పలీస్’కి దగ్గరగా అంటారు.

ఇప్పుడు చెయ్యాల్సిన పని. ఫోన్లో రికార్డర్ ఆన్ చేసి ‘ఐ క్యాన్ టేక్ ది రూమ్’ మీకు అలవాటైనట్టే అని వినండి. అయిదు మాటలూ వరసగా మిరపకాయ బస్తాలు పేర్చినట్టు సమానంగా వినపడితే మీ పరిస్థితి మా తమ్ముడిదే. తర్వాత బల్ల మీద రెండు దెబ్బలు కొట్టండి, ఒకటి ‘టేక్’ దగ్గర, ఇంకోటి ‘రూమ్’ దగ్గర. మిగిలిన మూడు మాటలూ ఆ దెబ్బల సందుల్లోనే దూరాలి, వాటికి విడిగా దెబ్బ లేదు. దూరేటంత జాగా ఉండదు, ఆ ఇరుకులోనే క్యాన్ దానంతటదే క్న్ అవుతుంది. వాళ్లయినా గడియారం పెట్టి కొలిస్తే దెబ్బల మధ్య దూరం కచ్చితంగా సమానం రాదు, మీరూ తాళం తప్పిందని బెంగపడక్కర్లేదు. మావాడికి పదోసారికి వచ్చింది. మా పిన్ని వంటింట్లోంచి ‘ఏంట్రా ఆ క్న్ క్న్, జలుబు చేసిందా’ అంది.

ఇక్కడొక మెలిక ఉంది, దాన్ని వదిలేస్తే ఇంకో గోతిలో పడతారు. అన్నిచోట్లా మింగకూడదు. మాట వాక్యం చివర వస్తే నిండుగానే ఉండాలి. ‘యెస్, ఐ క్యాన్’ అన్నప్పుడు క్న్ అని ఆపితే వాక్యం తెగిపోయినట్టు ఉంటుంది. ‘వేర్ ఆర్ యు ఫ్రమ్’ అని అడిగేటప్పుడు చివరి ఫ్రమ్ నిండుగా పలుకుతారు, మీరు ‘అయామ్ ఫ్ర్మ్ గుంటూర్’ అని జవాబు చెప్పేటప్పుడు మింగుతారు. ఇంకో సంగతి, ఒత్తు ఎక్కడుందో తెలియకుండా మింగడం మొదలుపెడితే మాటే మారిపోతుంది. మనం ‘డెవలప్’లో డె ఒత్తుతాం, అసలు ఒత్తు ‘వె’ మీద. డె ఒత్తి వె మింగితే పాపం వినేవాడికి ఏదీ మిగలదు. అందుకే ముందు నిఘంటువులో ఒత్తు గుర్తు, ˈ అని చిన్న నిలువు గీత, ఏ అక్షరం ముందుందో చూడండి. తర్వాతే మింగుడు. ఈ వరస తిప్పి చేసినవాళ్లని చూశాను, వాళ్ల ఇంగ్లీషు తెలుగువాడికీ అర్థం కాదు, అమెరికా వాడికీ అర్థం కాదు.

నోరు తిరిగేదాకా, డబ్బు గురించో పని గురించో మాట్లాడుతుంటే అసలు ‘క్యాన్’ జోలికే పోకండి. గది కావాలా, ‘ఐ విల్ టేక్ ఇట్’ అనండి. కుదరదా, ‘కెనాట్’ అని రెండక్షరాలూ పూర్తిగా అనండి, అప్పుడు ఎవరూ పొరపడరు. ఫోన్ పెట్టేశాక అదే విషయం ఒక్క వరస మెసేజ్ పెట్టండి. ఇది నాకెవరైనా ముందే చెప్పి ఉంటే ఆ లేట్ ఫీజు మిగిలేది.

సరే, మరీ భయపెట్టానేమో. అమెరికా వాళ్లకీ వాళ్లలో వాళ్లకే ఇది అప్పుడప్పుడు అర్థం కాదు, ‘క్యానా, క్యాంటా’ అని మళ్లీ అడుక్కుంటారు, నేను చెవులారా విన్నాను. మీ మిగిలిన యాస అంతా గుంటూరు కారంలాగే ఉన్నా ఎవరికీ ఇబ్బంది లేదు, నాదీ ఇప్పటికీ అంతే. కొన్ని నెలలు పోతే వాళ్లు మింగింది మీ చెవికి వినపడటం మొదలవుతుంది, నోరు తర్వాత మెల్లగా వస్తుంది.

మావాడు మర్నాడు రాత్రి మళ్లీ ఫోన్ చేశాడు. ఆ గది అప్పటికే ఎవరో తీసేసుకున్నారు. క్యాంపస్‌కి కాస్త దూరంగా ఇంకోటి ఉందన్నారు. ‘ఐ విల్ టేక్ ఇట్’ అన్నాడు, వెంటనే మెసేజ్ కూడా పెట్టాడు. ఇప్పుడు బస్సు టైమింగులు వెతుక్కుంటున్నాడు.