ఇళ్లలో పనిచేసేవాళ్లని, డెలివరీ రైడర్లని వేధిస్తే: ఏం రాసిపెట్టుకోవాలి, ఎక్కడ ఫిర్యాదు ఇవ్వాలి

మా అపార్ట్‌మెంట్‌లో నాలుగు ఇళ్లలో పనిచేసే ఒకావిడ పోయిన ఏడాది ఒకరోజు గిన్నెలు తోముతూ తోముతూ ఆగిపోయి, "అక్కా, ఆ మూడో అంతస్తు సారు ఇంట్లో నేనింక చెయ్యను" అంది. ఎందుకని అడిగితే చాలాసేపు చెప్పలేదు. భార్య ఆఫీసుకి వెళ్లాక ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి దారి ఇవ్వడంట, మాటలు మాట్లాడతాడంట, ఒకరోజు చెయ్యి పట్టుకున్నాడంట. అప్పటికి రెండు నెలలైంది. "ఎవరు నమ్ముతారు, నా దగ్గర ఏముంది" అన్నది ఆవిడ భయం.

ఉంది. ఆవిడకి తెలియకుండానే ఉంది. చెయ్యి పట్టుకున్న రోజు సాయంత్రం, ఏడుపు ఆపుకోలేక కూతురికి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది, ఆ ఇంటి పేరు చెప్పి, జరిగింది చెప్పి. ఆ మెసేజ్ మీద తేదీ ఉంది, టైమ్ ఉంది. గేటు దగ్గర సెక్యూరిటీ రిజిస్టర్‌లో ఆరోజు ఆవిడ ఏ టైమ్‌కి లోపలికొచ్చిందో, ఎప్పుడు వెళ్లిందో ఉంది. తర్వాత మేం నడిచిన దారంతా ఈ రెండింటి మీదే నిలబడింది. అందుకే మొదట రాసిపెట్టుకోవడం గురించి చెప్తాను.

మొదటి పని: అదే రోజు, పడుకునేలోపు

జరిగింది జరిగినట్టు ఆ రోజే ఎక్కడో ఒకచోట పెట్టండి. రాయడం వస్తే నోట్‌బుక్‌లో, రాకపోతే నమ్మకమైన మనిషికి వాయిస్ మెసేజ్. తేదీ, టైమ్, ఏ ఇల్లు, ఎక్కడ నిలబడ్డారు, అతను అన్న మాటలు, మీరు ఏమన్నారు, ఇంకెవరు ఉన్నారు. బూతు మాటైనా సరే, "అసభ్యంగా మాట్లాడాడు" అని మర్యాదగా మార్చకండి, అన్నది అన్నట్టే పెట్టండి, ఎందుకంటే ఏ సెక్షన్ వర్తిస్తుందో తేలేది ఆ మాటల్లోంచే.

అతను ఫోన్ చేస్తే, మెసేజ్ పెడితే డిలీట్ చెయ్యొద్దు. మీరు మాట్లాడుతున్న కాల్‌ని మీ ఫోన్‌లో రికార్డ్ చేసి సాక్ష్యంగా ఇవ్వచ్చు. కానీ ఫైల్‌ని కత్తిరించకండి, పేరు కూడా మార్చకండి, అసలు ఫైల్ ఆ ఫోన్‌లోనే ఉండనివ్వండి. వాట్సాప్‌లో పంపుకున్నది కాపీ మాత్రమే. రేపు కోర్టులో అసలు ఫోన్ ఏదని, దానికి సర్టిఫికెట్ ఏదని అడుగుతారు. పోలీసులు ఫోన్ తీసుకుంటే తీసుకున్నట్టు కాగితం అడిగి ఉంచుకోండి.

సీసీటీవీ విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. అపార్ట్‌మెంట్ కెమెరాల్లో పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోతూ ఉంటుంది, కొన్ని చోట్ల వారం, కొన్ని చోట్ల నెల. లిఫ్టులోనో కారిడార్‌లోనో ఏదైనా జరిగితే మర్నాడే అసోసియేషన్ సెక్రటరీకి ఒక మెసేజ్ పెట్టండి: "ఫలానా తేదీ ఉదయం 10 నుంచి 11 దాకా మూడో అంతస్తు కెమెరా రికార్డింగ్ తీసి ఉంచండి, పోలీసులకి కావాలి." ఫుటేజ్ మీ చేతికి ఇవ్వకపోయినా ఫర్వాలేదు, అడిగినట్టు రుజువు ఉంటే పోలీసులు తెప్పించుకోగలరు. మా విషయంలో రెండు నెలలు దాటిపోయింది కాబట్టి ఫుటేజ్ లేదు.

ఎక్కడ ఇవ్వాలి: రెండు తలుపులు

ఒకటి పోలీస్ స్టేషన్. చెయ్యి వేసినా, గదిలో పెట్టి తలుపేసినా, అప్పటికప్పుడు భయం ఉన్నా, 100కి గానీ 112కి గానీ చేయండి. ఏ స్టేషన్‌కైనా వెళ్లచ్చు, "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ రాయమని అడగండి. లైంగిక వేధింపు ఫిర్యాదు ఇచ్చే మహిళ మాటల్ని మహిళా పోలీసు గానీ మరో మహిళా అధికారి గానీ రాసుకోవాలి, ఇది చట్టంలోనే ఉంది. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. రాయనంటే అదే ఫిర్యాదుని ఎస్పీకి, సిటీలో అయితే డీసీపీకి రిజిస్టర్డ్ పోస్ట్‌లో పంపి, ఆ రసీదు జాగ్రత్త చేసుకోండి. స్టేషన్‌కి వెళ్లే ముందు తోడు కావాలనుకుంటే 181కి చేసి, వేధింపులకి గురైన మహిళలకి సాయం చేసే సఖి సెంటర్ ఎక్కడుందో అడగచ్చు.

రెండోది చాలామందికి తెలియని తలుపు, లోకల్ కమిటీ. 2013లో వచ్చిన పని ప్రదేశంలో లైంగిక వేధింపుల చట్టం ఆఫీసులకే అనుకుంటారు. కాదు, ఇల్లు కూడా పని ప్రదేశమేనని, ఇళ్లలో పనిచేసే మహిళలకీ వర్తిస్తుందని అందులో స్పష్టంగా రాశారు. కంపెనీల్లో అయితే లోపలే కమిటీ ఉంటుంది. ఇంటికి కమిటీ ఉండదు కాబట్టి ప్రతి జిల్లాకీ ఒక లోకల్ కమిటీ వేయాలి. చివరిసారి జరిగిన రోజు నుంచి మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించగలదు. రాయలేనివాళ్లకి ఫిర్యాదు రాయడంలో సాయం చేయాల్సిన బాధ్యత కమిటీదే. కమిటీ ముందు ఏ పక్షానికీ లాయర్ ఉండకూడదు, అంటే ఆ సారు పెద్ద లాయర్ని తెచ్చి అక్కడ కూర్చోబెట్టలేడు.

దీని పరిమితి కూడా తెలుసుకోండి. ఇంటి పని చేసే మహిళల విషయంలో, పైకి చూస్తే నిజమే అనిపిస్తే కమిటీ ఏడు రోజుల్లో పోలీసులకి పంపాలి. అంటే చివరికి ఆ దారి కూడా స్టేషన్‌కే చేరుతుంది. మరి ఎందుకంటే, పనామె ఒక్కతే వెళ్లి చెప్పిన మాటకీ, జిల్లా కమిటీ నుంచి కాగితం మీద వచ్చిన మాటకీ స్టేషన్‌లో ఇచ్చే విలువ వేరుగా ఉంటుంది. అలా ఉండకూడదు, కానీ ఉంది. నా అభిప్రాయం, ఒంటి మీద చెయ్యి పడితే మొదట పోలీసులు. మాటలు, చూపులు, మెసేజ్‌లు అయి స్టేషన్ అంటే భయంగా ఉంటే మొదట కమిటీ. రెండు చోట్లా ఇవ్వడానికి అడ్డేమీ లేదు.

మా అపార్ట్‌మెంట్ పనామె విషయంలో చెయ్యి పట్టుకున్నాడు కాబట్టి స్టేషన్‌కే పదమన్నాను. ఆవిడ రానంది. నిర్ణయం ఆవిడది కాబట్టి లోకల్ కమిటీకి ఫిర్యాదు ఇవ్వడానికి కలెక్టరేట్‌కి వెళ్లాం. ఫిర్యాదు ఆరు కాపీలు తీసుకెళ్లాలి, సాక్షుల పేర్లు, అడ్రసులతో సహా. మొదట కూర్చున్న గుమాస్తాకి అలాంటి కమిటీ ఉందనే తెలియదు. అలా జరిగితే వెనక్కి రాకండి. స్త్రీ శిశు సంక్షేమ శాఖ జిల్లా అధికారి ఆఫీసు అడగండి, అక్కడా కాకపోతే తెలంగాణలో సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఆంధ్రాలో కూడా కలెక్టరేట్లలో సోమవారమే అర్జీలు తీసుకుంటారు. మేం రాసింది ఇలా ఉంది:

"నేను ఫలానా ఫ్లాట్‌లో రెండేళ్లుగా ఇంటి పని చేస్తున్నాను. ఫలానా తేదీ ఉదయం 10:20కి ఇంట్లో ఎవరూ లేనప్పుడు యజమాని వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి నన్ను బయటికి వెళ్లనివ్వలేదు. నా కుడి చెయ్యి పట్టుకుని ఈ మాటలు అన్నాడు. నేను విడిపించుకుని పని మధ్యలో వదిలేసి 10:35కి గేటు దాటాను. సాయంత్రం నా కూతురికి చెప్పాను, ఆ మెసేజ్ ఉంది. చర్య తీసుకోవాలని కోరుతున్నాను."

"చాలా రోజులుగా ఇబ్బంది పెడుతున్నాడు" అని మాత్రమే రాస్తే అక్కడే ఆగిపోతుంది. ఒక తేదీ, ఒక చోటు, ఒక పని ఉండాలి.

దొంగతనం కేసు పెడతామంటే

ఇది దాదాపు ప్రతిసారీ వస్తుంది. ఫిర్యాదు ఇచ్చిందని తెలియగానే ఆ ఇంట్లో ఉంగరం పోయిందన్నారు. అప్పుడే తేదీలు పనికొస్తాయి. ఆవిడ వాయిస్ మెసేజ్, పని మానేసిన రోజు, కలెక్టరేట్ రసీదు అన్నీ ఉంగరం మాట కన్నా ముందువే. ఎవరైనా మిమ్మల్ని గదిలో పెట్టి "ఒప్పుకో" అంటే అది నిర్బంధం, అదీ నేరమే, 112కి చేయండి. సూర్యాస్తమయం తర్వాత, తెల్లవారేలోపు మహిళని అరెస్ట్ చేయకూడదు, తప్పనిసరి పరిస్థితుల్లో మహిళా అధికారి, మేజిస్ట్రేట్ అనుమతి ఉంటే తప్ప. పని మానేసేటప్పుడు "ఈ రోజుతో మానేస్తున్నాను, తాళం ఇచ్చేశాను" అని ఒక మెసేజ్ పెట్టి రండి.

రైడర్లకి

మీకు చిక్కు వేరు. చాలా యాప్‌లలో డెలివరీ అయిపోయిందని నొక్కగానే కస్టమర్ చాట్ మాయమవుతుంది, నంబర్ మొదటి నుంచీ కనపడదు. అందుకే గొడవ మొదలవగానే, వీలైతే నొక్కే ముందే, ఆర్డర్ నంబర్, అడ్రస్, చాట్ స్క్రీన్‌షాట్ తీసుకోండి. కంపెనీకి ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా యాప్‌లో టికెట్ రాసి దాని నంబర్ ఉంచుకోండి. కస్టమర్ ముందుగా "రైడర్ తిట్టాడు" అని పెడితే ఐడీ బ్లాక్ అవుతుంది, అప్పుడు మీ టికెట్ ఏ టైమ్‌కి వెళ్లిందనేదే మిమ్మల్ని కాపాడేది. కానీ టికెట్ అంటే పోలీస్ ఫిర్యాదు కాదు, అది కంపెనీ లోపలి మాట.

పోలీసుల దగ్గర ఒక్క విషయం గుర్తుంచుకోండి. లిఫ్ట్ ఎందుకు ఎక్కావని ఒక మనిషి చెంప మీద కొట్టాడనుకుందాం. కేవలం "కొట్టాడు, తిట్టాడు" అని రాస్తే, పెద్ద గాయం లేనప్పుడు అది మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని కేటగిరీలో పడుతుంది, ఒక పుస్తకంలో రాసుకుని పంపించేస్తారు. అదే మనిషి బండి తాళం లాక్కున్నా, గేటు వేయించి కదలనివ్వకపోయినా అది అడ్డగించడం, ఐపీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌లో 126వ సెక్షన్, ఎఫ్ఐఆర్ రాయాల్సిన నేరం. ఒక్క నేరం అలాంటిదైతే కేసు మొత్తం అలాంటిదే అవుతుంది. లేనిది కల్పించకండి, కానీ నిజంగా ఆపితే ఎంతసేపు ఆపారో, ఎలా ఆపారో తప్పకుండా రాయండి. దెబ్బ తగిలితే ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుని ఎంఎల్‌సీ, అంటే మెడికో లీగల్ కేసుగా రాయమనండి.

కులం పేరుతో తిడితే, మీరు ఎస్సీ, ఎస్టీ అయితే, అట్రాసిటీ చట్టం ఉంది. అయితే ఆ మాట జనం చూసే, వినే చోట అని ఉండాలి. నాలుగు గోడల మధ్య ఎవరూ లేనప్పుడు అన్న మాట ఆ సెక్షన్ కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే గేటు దగ్గరా, కారిడార్‌లోనా, వాచ్‌మన్ విన్నాడా, పక్క ఫ్లాట్‌వాళ్లు తలుపు తీశారా అన్నది రాయడం మర్చిపోవద్దు. ఈ కేసులకి 14566 హెల్ప్‌లైన్ ఉంది.

వీడియో తీసి సోషల్ మీడియాలో పెట్టేముందు ఆగండి. లైంగిక వేధింపు కేసులో కమిటీకి వెళ్లిన విషయం, పేర్లు బయటపెట్టడం చట్టమే వద్దంటుంది, మిగతా వాటిలో ఎదుటివాళ్లు పరువు నష్టం అంటారు. ముందు ఫిర్యాదు ఇవ్వండి.

లాయర్‌కి డబ్బులెక్కడివి అనుకోకండి. మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, ఫోన్ 15100. ఉంగరం కేసులో మా పనామెకి లాయర్ అక్కడి నుంచే వచ్చింది.