లోతు ఛాతీ కుక్కలకు కడుపు మెలిక – 3వ పాఠం: పొట్ట ఉబ్బకముందే పట్టుకోవడం

మొదటి పాఠంలో జీర్ణాశయం గాలితో నిండి తన చుట్టూ తాను ఎలా తిరిగిపోతుందో చూశాం. రెండో పాఠంలో తొడ లోపలి వైపు వేళ్లు పెట్టి నాడి లెక్కపెట్టడం నేర్చుకున్నాం. డాక్టర్లు ‘జీడీవీ’ అని పిలిచే ఈ జబ్బును మొదటి అరగంటలోనే ఎలా గుర్తుపట్టాలి, ఆ అరగంటలో ఏం చేయాలి అన్నది ఈ పాఠం. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, వైమరానర్, సెయింట్ బెర్నార్డ్ లాంటి కుక్కల్ని పెంచేవాళ్లు దీన్ని రెండుసార్లు చదివినా తప్పులేదు.

‘కడుపు ఉబ్బు’ అన్న పేరే మనల్ని పొట్ట వైపు చూసేలా చేస్తుంది. పొట్ట మామూలుగా ఉంటే ‘ఇది అది కాదులే’ అనుకుంటాం. కానీ ఛాతీ లోతుగా ఉన్న కుక్కకు జీర్ణాశయం చాలావరకు పక్కటెముకల లోపలే ఉంటుంది. గాలి మొదట అక్కడే, ఎముకల చాటున పోగవుతుంది. బయటికి కనిపించే ఉబ్బు ఆలస్యంగా వస్తుంది. కొన్ని కుక్కల్లో, ముఖ్యంగా బాగా కండ పట్టినవాటిలో, చివరిదాకా సరిగా కనిపించదు కూడా. అందుకే నా లెక్కలో పొట్ట చెప్పే సాక్ష్యం రెండో రకం. మొదటి సాక్ష్యం నోరు చెబుతుంది.

వట్టి డోకు

కుక్క తల వంచి, మెడ చాచి, పక్కలు ఎగరేస్తూ వాంతి చేసుకోబోతుంది. ఏమీ రాదు. వస్తే తీగలా సాగే చొంగో, తెల్లటి నురగో వస్తుంది. కొన్ని నిమిషాలకు మళ్లీ అదే. ఇది ఎందుకు జరుగుతుందో తెలిస్తే మర్చిపోవడం కష్టం. జీర్ణాశయం తిరిగినప్పుడు అన్నవాహిక దానితో కలిసేచోట దారి మూసుకుపోతుంది. లోపలున్న తిండి పైకి రాలేదు. అదే కారణంగా మింగిన లాలాజలం కిందికి పోలేదు. ఆ లాలాజలమే నురగగా, చొంగగా బయటపడుతుంది. కాబట్టి ‘కాస్త నురగ కక్కింది, ఇక తేలికపడుతుంది’ అనుకోకూడదు. నురగ వాంతి కాదు. నిండు కడుపులోంచి వచ్చిందంటే సాధారణంగా అందులో తిండి గానీ, పసుపుపచ్చటి పైత్యం గానీ ఉంటుంది.

మలవిసర్జన అయింది కదా, దారి బాగానే ఉందని కొందరు ధైర్యం తెచ్చుకుంటారు. ఆ మలం మెలిక పడకముందే పెద్దపేగుకు చేరినది. దాన్నిబట్టి ఏమీ తేల్చలేం.

వట్టి డోకు వేరే కారణాలతోనూ రావచ్చు. కెన్నెల్ దగ్గు ఉన్న కుక్క గట్టిగా దగ్గి, చివర్లో డోకి, నురగ కక్కుతుంది. గొంతులో ఏదైనా ఇరుక్కుంటే పంజాతో మూతి గీరుకుంటుంది. తేడా తెలుసుకోవాలంటే రెండు డోకుల మధ్య కుక్క ఏం చేస్తోందో చూడండి. దగ్గు కుక్క వెళ్లి తన చోట పడుకుంటుంది, పిలిస్తే తోక ఊపుతుంది. మెలిక పడ్డ కుక్కకు కుదురుండదు. పడుకుంటుంది, వెంటనే లేస్తుంది, గది మారుతుంది, తన పక్కటెముకల వైపు తిరిగి చూసుకుంటుంది. కొన్ని ముందుకాళ్లు నేలకు ఆనించి వెనక భాగం పైకెత్తి నిలబడతాయి.

లోతు ఛాతీ కుక్క, వట్టి డోకు, కుదురులేనితనం – ఈ మూడూ కలిస్తే బయల్దేరడమే. నాలుగో లక్షణం కోసం ఆగొద్దు.

ఒక కేసు

బ్రూనో ఏడేళ్ల గ్రేట్ డేన్, బరువు 58 కిలోలు. రోజుకు ఒకే పూట, రాత్రి 7:30కి తింటాడు, గబగబా తింటాడు. వయసు, జాతి, ఒకే పెద్ద భోజనం, తినే వేగం – ఇవన్నీ ప్రమాదాన్ని పెంచేవే.

9:10కి బ్రూనో పడుకున్నచోటు నుంచి లేచాడు. రెండుసార్లు చోటు మార్చాడు. ఎడమ పక్కకు తల తిప్పి చూశాడు. 9:25కి మొదటి డోకు, చిక్కటి చొంగ. యజమాని పొట్ట తడిమితే మెత్తగానే ఉంది. వాళ్లమ్మ, “గాలి పట్టిందేమోరా, కాస్త అటూ ఇటూ నడిపించు,” అంది. 9:32కి రెండో డోకు, ఈసారి తెల్లటి నురగ. రెండు గంటల కిందట తిన్న అంత తిండిలో ఒక్క మెతుకైనా బయటికి రాలేదు.

నిర్ణయం తీసుకోవాల్సిన క్షణం ఇదే, 9:32. యజమాని అప్పుడే ఫోన్ తీసి, అది మోగుతుండగా చిగుళ్లు చూశాడు. గులాబి రంగులోనే ఉన్నాయి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగొచ్చింది. నాడి 15 సెకన్లకు 37, అంటే నిమిషానికి 148. బ్రూనో విశ్రాంతిగా ఉన్నప్పుడు రాసిపెట్టుకున్న లెక్క 80.

చాలామంది తడబడేది ఇక్కడే. చిగుళ్లు బాగున్నాయి కాబట్టి ఇంకాసేపు చూద్దామనుకుంటారు. చిగుళ్లు, నాడి చూసేది డాక్టరుకు చెప్పడానికి. వెళ్లాలా వద్దా అన్నది వాటితో తేల్చకండి. ఉబ్బిన జీర్ణాశయం వెనక భాగం నుంచి గుండెకు వచ్చే పెద్ద సిరను నొక్కుతుంది. గుండెకు రక్తం తక్కువగా అందుతుంది. ఆ లోటును గుండె కాసేపు వేగంతో పూడ్చుకుంటుంది. ఆ కాసేపూ చిగుళ్లు మామూలుగానే, ఒక్కోసారి మామూలుకంటే ఎర్రగా కూడా ఉంటాయి. పాలిపోయాయంటే గుండె ఇక పూడ్చలేకపోతోందని అర్థం. చిగుళ్లు పుట్టుకతో నల్లగా ఉన్న కుక్కకు కింది కనురెప్ప లోపలి రంగు చూడండి.

బ్రూనో 9:41కి కారులో ఉన్నాడు, 10:05కి ఆసుపత్రిలో. అప్పటికి ఎడమవైపు చివరి పక్కటెముక వెనక బిగుసుకుపోయింది, వేలితో కొడితే డప్పులా మోగింది, చిగుళ్లు పాలిపోయాయి. కుడిపక్కకు పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో జీర్ణాశయం రెండు గాలి గదులుగా విడిపోయి కనిపించింది. మెలిక ఖాయమైంది. గాలి తీసి, సెలైన్ ఎక్కించి, ఆపరేషన్ చేసి జీర్ణాశయాన్ని సరిచేశారు. దాని గోడ రంగు ఇంకా బాగానే ఉంది, కోసి తీసేయాల్సిన భాగం లేదు. మళ్లీ తిరగకుండా కుడివైపు పొట్టగోడకు కుట్టారు. పొట్ట ఉబ్బడం కళ్లతో చూశాకే బయల్దేరి ఉంటే, ఇదే కుక్క పాలిపోయిన చిగుళ్లతో ఇంటి గుమ్మం దగ్గరే ఉండేది.

ఫోన్‌లో, దారిలో

ఫోన్‌లో కథ చెప్పొద్దు. “గ్రేట్ డేన్, ఏడేళ్లు, 58 కిలోలు, 9:25 నుంచి వట్టి డోకులు, నాడి 148. జీడీవీ అని అనుమానం, బయల్దేరుతున్నాం. ఇప్పుడు ఆపరేషన్ చేసే డాక్టరు ఉన్నారా?” ఇంత చాలు. ఆఖరి ప్రశ్న మాత్రం వదలొద్దు. గాలి తీసినా మెలిక పోదు. మెలిక విప్పాలంటే ఆపరేషన్ తప్పదు. దగ్గర్లోని క్లినిక్‌లో సర్జన్ లేక, ఉన్న ఆసుపత్రి చాలా దూరమైతే, దగ్గర్లోనే ఆగి గాలి తీయించి, సెలైన్ పెట్టించుకుని వెళ్లడం మంచిదా అని ఆ డాక్టర్నే అడగండి. సాధారణంగా దూరం ఎక్కువైతే అదే మేలు. రెండూ దగ్గరే అయితే నేరుగా ఆపరేషన్ జరిగేచోటికే.

కుక్కను ఎత్తేటప్పుడు చేతులు పొట్ట కింద వేయొద్దు. ఒక చెయ్యి ఛాతీ ముందు, ఇంకోటి తొడల వెనక. నడవలేకపోతే దుప్పటి మీదికి జరిపి ఇద్దరు పట్టుకోండి. కారులో దానికి నచ్చినట్టు ఉండనివ్వండి, బలవంతంగా పడుకోబెట్టొద్దు. నోరు కట్టొద్దు. తిండి, నీళ్లు ఇవ్వొద్దు.

గ్యాస్ మాత్ర వేద్దామా అని ఎవరో ఒకరు అడుగుతారు. దారే మూసుకుపోయినప్పుడు ఆ మాత్ర గొంతు దాటి కడుపుకు చేరడమే అనుమానం. చేరినా మెలిక విప్పలేదు. మనుషుల నొప్పి మాత్రలు అసలే వద్దు, వాంతి చేయించే ప్రయత్నమూ వద్దు. సూదితో పొడిచి గాలి తీసే వీడియోలు చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. జీర్ణాశయం తిరిగినప్పుడు ప్లీహాన్ని కూడా లాక్కుపోతుంది. మీరు పొడిచేచోట గాలి బదులు రక్తంతో నిండిన ప్లీహం ఉండొచ్చు.

దారిలో జరిగే ఒక మోసం గురించి కూడా చెప్పాలి. డోకులు ఆగిపోతాయి. కుక్క మెత్తబడి పడుకుంటుంది. ‘సర్దుకుంది, వెనక్కి తిప్పుదామా’ అనిపిస్తుంది. అప్పుడు చిగుళ్లు చూడండి. తెల్లగానో బూడిద రంగులోనో ఉండి, నాడి దొరకనంత సన్నగా కొట్టుకుంటుంటే అది షాక్, అంటే ఒంటికి రక్తం సరిపడా అందని స్థితి. ఆసుపత్రికి మళ్లీ ఫోన్ చేసి ఆ మాటే చెప్పండి, గుమ్మం దగ్గరే సిద్ధంగా ఉంటారు.

ఇంకోమాట. ఎక్కువ తిని కడుపు ఉబ్బి, మెలిక పడని కుక్కలూ ఉంటాయి. బయటి నుంచి చూసి రెంటికీ తేడా చెప్పడం డాక్టరుకూ కుదరదు, ఎక్స్‌రే కావాలి. కాబట్టి మీరు హడావిడిగా వెళ్లాక ‘మెలిక లేదు’ అని తేలితే సిగ్గుపడాల్సింది లేదు.

ఈ వారం అభ్యాసం

పగటి వెలుతురులో మీ కుక్క చిగుళ్ల మామూలు రంగు చూసి, నొక్కి వదిలితే ఎంతసేపట్లో రంగు వస్తుందో గమనించండి. పడుకుని ఉన్నప్పుడు నాడి మూడు వేర్వేరు రోజులు లెక్కపెట్టి రాసుకోండి. తిన్నాక ఒకసారి, ఖాళీ కడుపున ఒకసారి ఎడమవైపు చివరి పక్కటెముక వెనక వేలితో కొట్టి మామూలు శబ్దం వినండి. అది తెలియకపోతే మార్పు వచ్చినా పట్టుకోలేరు. తర్వాత రెండు ఆసుపత్రులకు పగటిపూటే ఫోన్ చేసి, అర్ధరాత్రి ఈ ఆపరేషన్ చేస్తారా అని నేరుగా అడగండి. ‘అత్యవసర సేవలు ఉన్నాయి’ అన్న జవాబు చాలదు. సర్జన్ ఉంటారా, పిలిస్తే ఎంతసేపట్లో వస్తారు అన్నది రాసుకోండి.

4వ పాఠంలో ఆపరేషన్ గదిలో ఏం జరుగుతుందో, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు గుండె లయను ఎందుకు కనిపెట్టుకుని ఉంటారో, మెలిక పడకముందే కడుపును కుట్టించడం ఏ కుక్కకు అవసరమో చూద్దాం.